గడువుకు ముందే లీజు ముగించాలంటే: ఏ దారి మేలు, చార్జీల లెక్క ఎలా చూడాలి, నో డ్యూస్ లెటర్‌లో ఏముండాలి

వాహనం లీజునో యంత్రం లీజునో మధ్యలో ఆపేయాలనుకున్నవాళ్లు కంపెనీకి ఫోన్ చేసి ముందుగా అడిగేది "ఎంత కట్టాలి?" అనే. అవతలివాళ్లు ఓ పెద్ద అంకె చెబుతారు. అది విని "ఇంత కట్టే బదులు గడువు దాకా లాగించేద్దాం" అనుకునేవాళ్లు కొందరు. ఎలాగో సర్దుబాటు చేసి కట్టేసి, కొన్ని నెలల తర్వాత "మీ ఒప్పందంపై ఇంకా బాకీ ఉంది" అన్న మెసేజ్ వస్తే బిత్తరపోయేవాళ్లు మరికొందరు. మొదటివాళ్లు ఆ అంకె ఎలా వచ్చిందో చూడలేదు. రెండోవాళ్లు డబ్బు కట్టాక, ఇక బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ లెటర్ ఎలాంటిది చేతికి వస్తుందో ముందే తేల్చుకోలేదు. నేను ఏ దారినైనా ఈ రెండింటితోనే కొలుస్తాను: ఈ రోజు నుంచి చివరిదాకా జేబులోంచి పోయేది ఎంత, అది పోయాక నా పేరు మీద మిగిలే బాధ్యత ఎంత.

సాధారణంగా ముందున్న దారులు నాలుగు. వాహనమో యంత్రమో తిరిగి ఇచ్చేసి తేడా కట్టడం. దాన్ని మీరే కొనేసి బయట అమ్మడం. మిగిలిన గడువుకు లీజును ఇంకొకరి పేరుకు మార్చడం. ఏమీ చేయకుండా చివరిదాకా అద్దె కట్టడం. అద్దె ఆపేసి తాళాలు అప్పజెప్పి రావడం అయిదో దారిలా కనిపిస్తుంది కానీ కాదు. దాన్ని కంపెనీ ముగింపుగా కాక ఎగవేతగానే లెక్కిస్తుంది. అప్పుడు ఆలస్య రుసుములు, నిల్వ ఖర్చులు, అయినకాడికి వేలం, ఆ తేడా మళ్లీ మీ మీదే. అందుకని దాన్ని పక్కన పెట్టేద్దాం.

ఒక లెక్క చేసి చూద్దాం

ఒక వాహనాన్ని 48 నెలలకు లీజుకు తీసుకున్నారనుకోండి. నెలకు అద్దె 20,000. అందులో 17,000 వాహనం ఖరీదుకు, వడ్డీకి. మిగతా 3,000 సర్వీసింగ్‌కు, బీమాకు. గడువు ముగిసేనాటికి వాహనం 3,00,000 చేస్తుందని ఒప్పందంలో రాసుకున్నారు. దీన్నే మిగులు విలువ అంటారు. సెక్యూరిటీ డిపాజిట్ 40,000. ఇప్పటికి 30 నెలలు కట్టారు, ఇంకా 18 ఉన్నాయి. అంకెలు కల్పితమే గానీ, చూసుకోవాల్సిన చోట్లు నిజం లెక్కల్లోనూ ఇవే.

కంపెనీ పంపిన మొదటి సెటిల్‌మెంట్ లెక్క ఇలా ఉందనుకుందాం. మిగిలిన అద్దెలు 3,60,000. మిగులు విలువ 3,00,000. ముందస్తు ముగింపు రుసుము 20,000. పరిమితి దాటిన కిలోమీటర్లకు 40,000. మొత్తం 7,20,000. వాహనం అమ్మితే వచ్చేది 4,20,000 తీసేస్తే మీరు కట్టాల్సింది 3,00,000.

చూడ్డానికి లెక్క సరిగ్గానే ఉంది. కూడికలు, తీసివేతల్లో తప్పు లేదు. కానీ ఇందులో నాలుగు చోట్ల వేలు పెట్టి అడగాలి.

మొదటిది 3,60,000. అది పూర్తి అద్దె, 18 నెలలది. వాహనం వాళ్ల దగ్గరకు వెళ్లిపోయాక ఆ 18 నెలలు సర్వీసింగ్ ఎవరు చేయించుకుంటారు, బీమా ఎవరికి? నెలకు 3,000 చొప్పున 54,000 అసలు జరగని సేవకు పడుతున్న బిల్లు. అద్దెలో సేవల వాటా ఎంతో విడిగా చూపించమంటే ఇది వెంటనే బయటపడుతుంది.

రెండోది వడ్డీ. వచ్చే ఏడాదిన్నరలో విడతలుగా రావాల్సిన డబ్బు కంపెనీకి ఈ రోజే ఒక్కసారిగా వస్తోంది. అలాంటప్పుడు ఇంకా పుట్టని వడ్డీని తీసేసి ఈనాటి విలువ కట్టాలి. లీజులో వడ్డీ రేటు చాలా కంపెనీలు రాయవు, కానీ వాహనం మొదటి ఖరీదు తెలిస్తే మనమే పట్టుకోవచ్చు. ఇక్కడ ఖరీదు 8,31,600 అనుకుంటే, ఎక్సెల్‌లో ఈ రెండు సూత్రాలు చాలు:

```
=RATE(48,-17000,831600,-300000)
=PV(0.01,18,-17000,-300000)
```

మొదటిది నెలకు 1 శాతం అని చెబుతుంది. రెండోది మిగిలిన 18 అద్దెలకు, మిగులు విలువకు కలిపి ఈనాటి విలువ 5,29,576 అని చూపిస్తుంది. సులువుగా 5,30,000 అనుకుందాం. నెలాఖరున అద్దె కట్టే ఒప్పందానికి ఈ లెక్క. నెల మొదట్లోనే కట్టే పద్ధతైతే సూత్రాల్లో ఆ సంగతి చెప్పాలి, అంకె కొద్దిగా మారుతుంది. కంపెనీ వేసింది 6,60,000. సేవల 54,000 పోగా మిగతా తేడా సుమారు 76,000. అదంతా ఇంకా పుట్టని వడ్డీ.

ఇలా తగ్గించాలని ఒప్పందంలో ఉంటే హక్కుగా అడగండి. ఏమీ రాసి లేకపోతే బేరంగా అడగండి, పని జరిగే అవకాశం బాగానే ఉంటుంది. "మిగిలిన అద్దెలన్నీ పూర్తిగా చెల్లించాలి" అని స్పష్టంగా ఉంటే మాత్రం ఈ మాట మీద పట్టు పెద్దగా ఉండదు. అప్పుడు మీరుండే చోట చట్టం ఇలాంటి ముగింపు చార్జీలకు హద్దు పెడుతోందేమో తెలిసినవాళ్లను అడగాల్సిందే.

మూడోది నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది, కిలోమీటర్ల చార్జీ. 48 నెలలకు 80,000 కిలోమీటర్ల పరిమితి ఉంది. 30 నెలలకు దామాషాలో 50,000 వస్తుంది. మీటరు 58,000 చూపిస్తోంది. 8,000 ఎక్కువ, కిలోమీటరుకు 5 చొప్పున 40,000. లెక్క సరే. కానీ అదే కాగితంలో వాహనాన్ని 4,20,000కే అమ్ముతామని కూడా రాశారు. ఎక్కువ తిరిగిన బండి కాబట్టే ఆ ధర తగ్గింది. అమ్మకం ధరలో ఒకసారి తగ్గించి, కిలోమీటర్ల పేరుతో ఇంకోసారి వసూలు చేస్తే ఒకే నష్టానికి రెండుసార్లు కట్టినట్టు. గీతలు, సొట్టలు, అరిగిన టైర్ల చార్జీకీ ఇదే వర్తిస్తుంది. అమ్మకం ధర లెక్కలో ఉన్నప్పుడు ఇవి మళ్లీ విడిగా ఎందుకున్నాయని రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో అడిగితే "సిస్టమ్‌లో అలాగే వస్తుందండీ" అన్న జవాబుతో సరిపెడతారు.

నాలుగోది ఆ కాగితంలో లేనిది: మీ డిపాజిట్ 40,000. అది ఎక్కడా కనిపించలేదు. ఉన్న పద్దులను తనిఖీ చేసేవాళ్లు కూడా లేని పద్దును వెతకడం మరిచిపోతారు. లీజు మొదట్లో మీరు కట్టినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ముందుగా కట్టిన చివరి నెల అద్దె లాంటివి కూడా, ఒక్కొక్కటీ ఎక్కడ సర్దుబాటు అయిందో చూడండి.

ఇవన్నీ సరిచేస్తే 5,30,000కు 20,000 రుసుము కలిపి, 4,20,000 అమ్మకం ధర, 40,000 డిపాజిట్ తీసేయాలి. మిగిలేది 90,000. వాహనం అదే, రోజు అదే. 3,00,000 కాస్తా 90,000 అయింది. ప్రతి లెక్కలోనూ ఇన్ని లొసుగులు ఒకేసారి ఉండవు, కానీ ఒకటో రెండో ఉండడం మామూలే. పన్ను ఏ పద్దు మీద వేశారో కూడా ఒకసారి చూడండి. పద్దు తగ్గితే దాని మీద పన్నూ తగ్గాలి.

తిరిగి ఇవ్వాలా, కొని అమ్మాలా?

4,20,000 అన్నది కంపెనీ అంచనా. కొనేవాళ్లు ఎక్కువ ఇవ్వడానికి సిద్ధంగా ఉంటే? మీరే 5,30,000 కట్టి, పేరు మార్పుకు, పన్నుకు, కొనుగోలు రుసుముకు ఇంకో 25,000 పెట్టారనుకుందాం. డిపాజిట్ 40,000 వెనక్కి వస్తుంది. బయట 4,75,000కు అమ్మితే మీ జేబులోంచి నికరంగా పోయేది 40,000. తిరిగి ఇచ్చే దారి కన్నా 50,000 ఆదా.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన అంకె 4,25,000. ఆ ధరకు అమ్మితే రెండు దారులూ సమానం. అంతకన్నా పైన ఎంతొస్తే అంత లాభం, కింద ఎంత తగ్గితే అంత నష్టం. కాబట్టి కొనాలని నిర్ణయించుకునే ముందే ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారుల దగ్గర రాతపూర్వకంగా ధర తీసుకోండి. 4,35,000 దగ్గర ఆగిపోతున్నారంటే, పది వేల కోసం అంత డబ్బు సర్దడం, పేరు మారేదాకా ఎదురుచూడడం, మధ్యలో కొనేవాడు మనసు మార్చుకుంటాడేమోనన్న బెంగ, ఇవేవీ పడాల్సిన పని లేదు. నేనైతే తిరిగి ఇచ్చేస్తాను.

ఆ ధరలు ఊరికే పోవు. తిరిగి ఇచ్చే దారిలోనూ, "మీరు 4,20,000 అన్నారు, నా దగ్గర 4,50,000 ఇచ్చే మనిషి ఉన్నాడు, నేరుగా అతనికే అమ్మండి" అని కంపెనీ ముందు పెట్టవచ్చు. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి, వాళ్లకు వేలం తలనొప్పి తప్పుతుంది. అసలు కొనే వీలే లేని లీజులూ ఉంటాయి. అప్పుడు ఈ మధ్యేమార్గమే దిక్కు.

ఇంకొకరి పేరుకు మార్చడం

కాగితం మీద ఇదే అన్నిటికన్నా చవక. బదిలీ రుసుము 10,000, కొత్తగా తీసుకునే మనిషికి ఆశ చూపడానికి 30,000 ఇచ్చారనుకోండి. మీ 40,000 డిపాజిట్ వెనక్కి వస్తే చేతి నుంచి పడేది సున్నా.

సున్నా అన్నదే ఇక్కడ మోసపోయే చోటు. బదిలీ రెండు రకాలుగా జరుగుతుంది. ఒకదాంట్లో పాత ఒప్పందం రద్దయి, కంపెనీకీ కొత్త మనిషికీ మధ్య కొత్త ఒప్పందం పుడుతుంది. మీరు పూర్తిగా బయటపడతారు. రెండోదాంట్లో వాహనం అతని దగ్గరకు వెళుతుంది, అద్దె అతను కడతాడు, కానీ అతను కట్టకపోతే కంపెనీ మళ్లీ మీ దగ్గరకే వస్తుంది. "మీ బదిలీకి మాకు అభ్యంతరం లేదు" అన్న లేఖ ఈ రెండో రకానికే సరిపోతుంది. "పాత లీజుదారును ఈ తేదీ నుంచి అన్ని బాధ్యతల నుంచి విడుదల చేస్తున్నాం" అన్న వాక్యం ఉంటేనే మొదటి రకం. ఆ వాక్యం లేకపోతే మీ ఖర్చు సున్నా కాదు. ముక్కూమొహం తెలియని మనిషి 18 నెలలు క్రమం తప్పకుండా కడతాడన్న నమ్మకం మీద 3,60,000కు మీరు పూచీ ఉన్నట్టు. విడుదల వాక్యం రాకపోతే నేను ఈ దారి ఎంచుకోను, 90,000 కట్టి తిరిగి ఇచ్చేస్తాను.

చివరిదాకా కట్టడం గురించి క్లుప్తంగా: 3,60,000 కట్టి, చివర్లో 40,000 వెనక్కి వస్తే నికరం 3,20,000. వాహనం అవసరం ఇంకా కొంత ఉంటే, లేదా అయిదారు నెలలే మిగిలి ఉంటే ఇదే మేలు కావచ్చు. ఒకటి మాత్రం చూసుకోండి. గడువు తీరే ముందు ఇన్ని రోజుల నోటీసు ఇవ్వకపోతే లీజు దానంతట అదే పొడిగించబడుతుందన్న షరతు, ముఖ్యంగా యంత్రాల లీజుల్లో ఉంటుంది.

యంత్రాల దగ్గర లెక్క మారే చోటు

కాపీ యంత్రమైనా, జనరేటరైనా, వైద్య పరికరమైనా చాలా లీజులు మధ్యలో రద్దు చేయలేనివిగానే రాస్తారు. యంత్రం పనిచేయకపోయినా అద్దె కట్టాల్సిందేనన్న షరతు కూడా ఉంటుంది. పాత యంత్రాలకు కొనేవాళ్లు తక్కువ కాబట్టి అమ్మకం ధర మీద ఆశ పెట్టుకోలేం. విప్పడం, ప్యాకింగ్, రవాణా ఖర్చు మీదే. కేబుళ్లు, మాన్యువళ్లు, తాళాలు లేవని తర్వాత విడిగా బిల్లు వేస్తారు కాబట్టి అప్పగింత పత్రంలో అవన్నీ పేరుపేరునా రాయించండి.

అందుకే ఇక్కడ సేల్స్ మనిషి ఇంకో దారి చూపిస్తాడు: "పాతది మేం తీసేసుకుంటాం, కొత్త యంత్రం పెట్టుకోండి, ముగింపు చార్జీ ఏమీ లేదు." ఆ చార్జీ పోదు, కొత్త అద్దెలో దాక్కుంటుంది. కొత్త యంత్రానికి 36 నెలల పాటు నెలకు 19,500 చెప్పారనుకోండి. పాత లీజు ప్రస్తావన లేకుండా అదే యంత్రానికి ఇంకో కొటేషన్ అడగండి. అది 15,000 వస్తే, నెలకు 4,500 చొప్పున 1,62,000 పాత బాకీ కొత్త ఒప్పందంలోకి వచ్చి కూర్చుంది. పాతదాన్ని విడిగా ముగిస్తే 1,10,000కే పోతుందనుకుంటే, మిగతా 52,000 విడతల్లో కట్టుకునే వెసులుబాటుకు మీరిచ్చే వడ్డీ అన్నమాట. చేతిలో డబ్బు లేనప్పుడు అది తప్పు ఎంపిక కాకపోవచ్చు, కానీ తెలిసి తీసుకోవాలి. పాత ఒప్పందం నంబరు మీద నో డ్యూస్ లెటర్ ఈ దారిలోనూ విడిగా రావాలి. కొత్తది మొదలైంది కదా అని పాతది మూసేయని సందర్భాల్లో రెండు అద్దెలూ ఒకేసారి డెబిట్ అవుతుంటాయి.

డబ్బు కట్టే ముందు, కట్టేటప్పుడు

నో డ్యూస్ లెటర్ అడగాల్సింది డబ్బు కట్టాక కాదు. కట్టక ముందే, సెటిల్‌మెంట్ లెక్కతోపాటు. అప్పటిదాకా కంపెనీకి మీ డబ్బు కావాలి, మీ మాట వింటారు. ఇలా రాస్తే సరిపోతుంది:

"ఒప్పందం నంబరు ఫలానా, వాహనం ఛాసిస్ నంబరు ఫలానా. ఈ లీజును ఫలానా తేదీన ముగించదలిచాను. ఆ తేదీకి కట్టాల్సిన మొత్తాన్ని పద్దులవారీగా, డిపాజిట్ సర్దుబాటుతో సహా పంపండి. ఈ మొత్తం ఏ తేదీ దాకా చెల్లుతుందో, ఆలోపు వచ్చే ఆటో డెబిట్ ఇందులో కలిసి ఉందో లేదో చెప్పండి. ఇది చెల్లించాక ఈ ఒప్పందంపై ఎలాంటి బాకీ ఉండదని ధృవీకరించి, మీరివ్వబోయే నో డ్యూస్ లెటర్ నమూనా జతచేయండి."

ఆటో డెబిట్ గురించి ఎందుకు అడగాలంటే, లెక్క పదో తేదీ దాకా చెల్లుతుంది, అయిదో తేదీన మామూలు అద్దె డెబిట్ అయిపోతుంది. ఆ 20,000 వెనక్కి రాబట్టుకోవడం మళ్లీ ఓ పని. అలాగని ముందే బ్యాంకులో డెబిట్ ఆపేస్తే, అది తిప్పికొట్టిన చెల్లింపుగా నమోదై రుసుము పడుతుంది. సెటిల్‌మెంట్ డబ్బు జమైందని రాతపూర్వకంగా వచ్చాకే ఆపండి.

కట్టేటప్పుడు చెప్పిన మొత్తం అణా పైసలతో సహా, ఒప్పందం నంబరు వేసి, ఆ లేఖలో ఉన్న ఖాతాకే పంపండి. బ్యాంకు రుసుము కోతపడి 50 తక్కువ చేరినా ఖాతా మూతపడదు. ఆ 50 మీద నెలనెలా ఆలస్య రుసుము పెరుగుతూ ఉంటుంది. మొదట్లో చెప్పిన ఆ బాకీ మెసేజ్‌లకు తరచూ కారణం ఇంత చిన్నదే.

వాహనం అప్పగించే రోజు మీటరు రీడింగు, రెండు తాళాలు, తేదీ, సమయం రాసి సంతకం చేసిన పత్రం తీసుకోండి. ఫొటోలు మీ దగ్గరా ఉంచుకోండి. సమయం ఎందుకంటే, ఆ తర్వాత పడే ట్రాఫిక్ జరిమానాలు, టోల్ చార్జీలు మీవి కావని చూపించడానికి అదొక్కటే ఆధారం.

ఆ లెటర్‌లో ఏముండాలి

చాలామందికి వచ్చే లేఖలో ఇలా ఉంటుంది: "మా ప్రస్తుత రికార్డుల ప్రకారం బాకీ లేదు." వినడానికి బాగానే ఉంది. కానీ రేపు రికార్డులో కొత్త పద్దు చేరితే ఈ లేఖ దాన్ని ఆపదు. "తర్వాత తేలే చార్జీలకు లోబడి" అన్న ముక్క ఉంటే ఇంకా బలహీనం. మీకు కావాల్సింది ఇలాంటిది: "ఫలానా ఒప్పందం ఫలానా తేదీన ముగిసింది. పూర్తి, తుది సెటిల్‌మెంట్‌గా ఇంత మొత్తం అందింది. ఈ ఒప్పందం కింద లీజుదారు నుంచి గానీ, గ్యారంటర్ నుంచి గానీ మాకు రావాల్సింది ఏమీ లేదు." జరిమానాలు ఆలస్యంగా వస్తాయి కాబట్టి వాటిని మినహాయిస్తామని కంపెనీ అంటే అది న్యాయమే. "అప్పగింత తేదీకి ముందు నాటి జరిమానాలు మాత్రమే" అని హద్దు గీయించండి.

గుర్తింపు వివరాల్లో ఒప్పందం నంబరు, ఛాసిస్ నంబరు లేదా యంత్రం సీరియల్ నంబరు రెండూ ఉండాలి. ఒకే కంపెనీ దగ్గర రెండు మూడు లీజులున్నవాళ్లకు వీటిలో ఏది ముగిసిందన్న తకరారు వస్తుంది. డిపాజిట్ వెనక్కి రావాల్సి ఉంటే ఎంత, ఎప్పటిలోగా. రాబోయే తేదీలు వేసి మీరిచ్చిన చెక్కులు ఎన్ని తిరిగి ఇచ్చారు. వాహనం రిజిస్ట్రేషన్‌లో కంపెనీ హక్కు నమోదై ఉండి, బండి మీరే కొనుక్కున్నట్లయితే దాన్ని తొలగించే పత్రం ఎప్పుడిస్తారు: ఇవి ఆ లేఖలోనే ఉండొచ్చు, విడిగానూ రావచ్చు. కంపెనీ లెటర్‌హెడ్ మీద, సంతకం చేసినవారి పేరు, హోదాతో ఉండాలి. కస్టమర్ కేర్ నుంచి వచ్చే "మీ ఖాతా మూసివేయబడింది" అన్న మెసేజ్‌ను దీనికి బదులుగా ఒప్పుకోకండి. ఖాతా మూయడం వాళ్ల లోపలి పని, మీ మీద ఏ క్లెయిమూ లేదన్న మాట అందులో లేదు.

లేఖ రాకుండా రోజులు గడుస్తుంటే, చెల్లింపు రశీదు, అప్పగింత పత్రం, వాళ్లు పంపిన సెటిల్‌మెంట్ లెక్క మూడూ జతచేసి, ఒక తేదీ పెట్టి, ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పంపండి. ముందే నమూనాకు ఒప్పుకుని ఉంటే ఈ దశలో వాళ్లకు చెప్పడానికి సాకు ఉండదు. లేఖ వచ్చిన నెల రెండు నెలలకు మీ క్రెడిట్ రిపోర్టు ఒకసారి తీసి చూడండి. ఆ లీజు అందులో నమోదై ఉంటే "ముగిసింది" అని, బాకీ సున్నా అని కనిపించాలి. "సెటిల్డ్" అని కనిపిస్తే ఊరుకోకండి. కొన్ని చోట్ల ఆ మాటకు బాకీ మొత్తం కట్టకుండా తగ్గించి తీర్చుకున్నారన్న అర్థం ఉంటుంది. నో డ్యూస్ లెటర్ కాపీ జతచేసి సరిచేయమని కంపెనీకీ, క్రెడిట్ బ్యూరోకూ ఒకేసారి రాయండి.